కుక్కర్ కొనేటప్పుడు ముందు ముద్ర, తర్వాత మూత, ఆఖరున లోహం

వరంగల్ చౌరస్తా చుట్టుపక్కల సామాన్ల దుకాణాల్లో కాసేపు నిలబడి చూడండి. కుక్కర్ కోసం వచ్చినవాళ్లలో ఎక్కువమంది మొదట అడిగేది ఒకటే: "స్టీలుది మంచిదా, అల్యూమినియందా?" దుకాణదారు ఏదో ఒకటి తీసి చూపిస్తాడు, ధర చెప్తాడు, బేరం మొదలవుతుంది. లోహం గురించి అడగాల్సిందే, కానీ నా లెక్కలో అది మూడో ప్రశ్న. ముందు ఆ కుక్కర్ మీద ఉన్న ముద్ర అసలుదా కాదా అని చూడాలి. ఆ తర్వాత మూత ఏ రకం, దానికి పట్టే గ్యాస్కెట్ మన దగ్గర్లో దొరుకుతుందా అని చూడాలి. ఈ రెండూ తేలాకనే స్టీలా, అల్యూమినియమా అన్న మాట.

ఈ వరుస ఎందుకంటే, సీటీ వచ్చే సమయానికి కుక్కర్ లోపల బయటికంటే దాదాపు ఒక కిలో ఒత్తిడి ఎక్కువుంటుంది, ప్రతి చదరపు సెంటీమీటరు మీదా. అందుకే లోపల నీళ్లు 100 డిగ్రీల దగ్గర కాకుండా 120 దాకా వేడెక్కుతాయి, పప్పు తొందరగా ఉడుకుతుంది. మూత అడ్డంగా 20 సెంటీమీటర్లుంటే దాని వైశాల్యం 314 చదరపు సెంటీమీటర్లు. అంటే ఆ మూతను బయటికి నెట్టే బలం మూడు క్వింటాళ్ల బరువుతో సమానం. మామూలు గిన్నె నాసిరకమైతే సొట్టలు పడుతుంది, అంతే. కుక్కర్ నాసిరకమైతే ఆ మూడు క్వింటాళ్ల బలాన్ని పట్టి ఉంచేది ఏమీ ఉండదు.

ముద్రలో మూడు భాగాలు

ఇంట్లో వాడే ప్రెషర్ కుక్కర్లకు మన దేశంలో ఒక ప్రమాణం ఉంది, దాని నంబరు IS 2347. ఇదివరకు దీన్ని పాటించడం తయారీదారు ఇష్టం. కేంద్రం 2020లో నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది, అది 2021 ఫిబ్రవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటినుంచి ఐఎస్ఐ ముద్ర లేని కుక్కర్‌ను తయారుచేయడం, దిగుమతి చేసుకోవడం, అమ్మడం అన్నీ చట్టవిరుద్ధం. "ముద్ర లేకపోయినా మాల్ మంచిదే అక్కా, అందుకే రేటు తక్కువ" అని ఎవరన్నా చెప్తే ఆ దుకాణంలో ఇంకో మాట అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో కొంటే భయం లేదనుకోవడానికి కూడా లేదు. ముద్ర లేని కుక్కర్లు తమ సైట్లలో అమ్ముడైనందుకు 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ పెద్ద పెద్ద ఆన్‌లైన్ కంపెనీలకే జరిమానా వేసి, కొన్నవాళ్లకు డబ్బు వాపసు ఇవ్వమని ఆదేశించింది.

ఇక అసలు ముద్ర ఎలా ఉంటుందో చూద్దాం. చాలామంది ఐఎస్ఐ బొమ్మ కనబడగానే సరే అనుకుంటారు. ఆ బొమ్మ ఎవరైనా అచ్చు వేయగలరు. అసలు ముద్రలో మూడు భాగాలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. పైన IS 2347 అనే నంబరు, మధ్యలో ఐఎస్ఐ బొమ్మ, కింద CM/L- అని మొదలయ్యే లైసెన్సు నంబరు. ఈ మూడోదే ప్రాణం. అది ఏడు అంకెలో, పది అంకెలో ఉంటుంది, ప్రతి ఫ్యాక్టరీకి విడిగా ఇస్తారు. డబ్బా మీద ఉంటే సరిపోదు, కుక్కర్ మీదే ఉండాలి, చాలాసార్లు అడుగునో పక్కనో కొట్టి ఉంటుంది. దాంతోపాటు ఎన్ని లీటర్లు, ఎంత ఒత్తిడి మీద పనిచేస్తుంది అన్నవి కూడా ఉన్నాయేమో వెతకండి.

ఆ నంబరును దుకాణంలో నిలబడే సరిచూసుకోవచ్చు. ఫోన్‌లో BIS Care అనే యాప్ ఉండాలి, ఉచితమే. అందులో Verify License Details అన్నది నొక్కి CM/L నంబరు కొడితే ఆ లైసెన్సు ఎవరిది, ఫ్యాక్టరీ ఎక్కడుంది, ఏ వస్తువుకు ఇచ్చారు, ఏ బ్రాండ్ పేర్లకు చెల్లుతుంది, ఇప్పటికీ చెల్లుబాటులో ఉందా అన్నవి వస్తాయి. వాటిని చేతిలో ఉన్న కుక్కర్‌తో ఒక్కొక్కటిగా పోల్చుకోవాలి. "నంబరు కొట్టాను, ఏదో కంపెనీ పేరు వచ్చింది" అని తృప్తి పడితే పని సగమే అయినట్టు. నకిలీ చేసేవాళ్లు వేరే వస్తువు మీది నిజమైన నంబరును తెచ్చి కుక్కర్ మీద కొట్టగలరు. అప్పుడు నంబరు నిజమే అవుతుంది, కుక్కర్ మాత్రం కాదు.

డబ్బా మీద మెరిసే మిగతా స్టిక్కర్లు చూసి మోసపోకండి. ఐఎస్ఓ 9001 అనేది కంపెనీ తన పనిని ఎలా నడుపుకుంటుందో చెప్పే ధ్రువపత్రం, ఈ కుక్కర్‌ను పరీక్షించారని కాదు. "ఫుడ్ గ్రేడ్", "ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ" అన్నవి అమ్మేవాడి మాటలు. ఐఎస్ఐ స్థానంలో ఇవేవీ చెల్లవు.

మొన్న మా చిన్నమ్మ కూతురి పెళ్లి సామాన్లకు నన్ను తోడు తీసుకెళ్లారు. దుకాణదారు గల్లా పక్కన మూడు కుక్కర్లు పెట్టాడు, మూడూ 5 లీటర్లవే. ఒకటి తళతళలాడే స్టీలుది, మూత బయటినుంచి పట్టేది, మూడింట్లో అన్నిటికంటే చవక. బ్రాండ్ పేరు బాగా తెలిసిన కంపెనీ పేరులాగే వినబడుతుంది, స్పెల్లింగ్‌లో ఒక్క అక్షరం తేడా. రెండోది నల్లటి హార్డ్ ఆనోడైజ్డ్, మూత లోపలికి దిగేది. మూడోదీ స్టీలే, మూత బయటిదే, అడుగు మాత్రం మందంగా ఉంది. మొదటిదాన్ని తిరగేస్తే అడుగున ఐఎస్ఐ బొమ్మ ఉంది, కింద నంబరూ ఉంది, పైన మాత్రం IS 2347 లేదు. నంబరు యాప్‌లో కొడితే లైసెన్సు వచ్చింది, కానీ అది కుక్కర్లది కాదు, మనం చేతిలో పట్టుకున్న బ్రాండ్ పేరు అందులో ఎక్కడా లేదు. ఫోన్ స్క్రీన్ అలాగే దుకాణదారుకు చూపించాం. వాదన జరగలేదు, ఆయనే ఆ కుక్కర్‌ను లోపలికి తీసుకుపోయాడు. మిగిలిన రెండింటికీ నంబరు, బ్రాండ్, ఫ్యాక్టరీ చిరునామా మూడూ కలిశాయి. ఆ రెండింట్లో ఏది అన్నది ముద్ర తేల్చదు, అక్కడినుంచి మూత చూసుకోవాలి.

మూత లోపలిదా, బయటిదా

లోపలి మూత కుక్కర్ మూత కాస్త కోలగా ఉంటుంది. దాన్ని ఏటవాలుగా లోపలికి దించి, తిప్పి పైకి లాగితే కుక్కర్ అంచుకు లోపలివైపు నుంచి ఆనుకుంటుంది. గ్యాస్కెట్ మూత అంచు చుట్టూ ఉంటుంది. ఆవిరి మూతను పైకి నెడుతుంది, పైన అంచు అడ్డం ఉంది కాబట్టి నెట్టినకొద్దీ మూత ఇంకా గట్టిగా బిగుసుకుంటుంది. తెరవాలంటే మూతను కిందికి నొక్కాలి, లోపల ఒత్తిడి ఉన్నంతసేపూ అది చేతితో అయ్యే పని కాదు. తొందరలో ఎవరైనా లాగినా మూత రాదు. ఈ రకానికి ఇదే పెద్ద బలం. ఇబ్బందేమిటంటే నోరు ఇరుకు. లోపల రెండు మూడు గిన్నెలు పేర్చి అన్నం, పప్పు, కూరగాయలు ఒకేసారి ఉడికించే అలవాటుంటే వెడల్పాటి గిన్నె ఆ నోట్లో పట్టదు. మణికట్టు నొప్పి ఉన్నవాళ్లకు, పెద్దవాళ్లకు మూత దించి తిప్పడం కూడా మొదట్లో కష్టమే.

బయటి మూత కుక్కర్‌లో మూత అంచు లోపల గాడి ఉంటుంది, గ్యాస్కెట్ అందులో కూర్చుంటుంది. మూత పెట్టి తిప్పితే మూతకున్న కొక్కేల్లాంటి అంచులు కుక్కర్ అంచు కిందికి పోయి పట్టుకుంటాయి. నోరు వెడల్పు, కడగడం సులువు, పెట్టడం తీయడం ఎవరికైనా వచ్చేస్తుంది. అయితే ఇక్కడ ఆ మూడు క్వింటాళ్ల బలాన్ని ఆపేది ఆ అంచులే. అందుకే సెకండ్‌హ్యాండ్ బయటి మూత కుక్కర్ ఎంత చవకగా వచ్చినా వద్దనే అంటాను. కింద పడి అంచు వంగిందో, ఏళ్ల తరబడి రాపిడితో అరిగిందో కంటికి తెలియదు. కొత్తదైనా దుకాణంలో మూత పెట్టి తిప్పి చూడండి. రెండు పిడులూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా రావాలి, మధ్యలో ఎక్కడా పట్టేయకూడదు, లూజుగా ఊగకూడదు.

బయటి మూతలో ఇంకో చిన్న ఏర్పాటు చూడాలి. మూత పక్క అంచులో ఒకచోట సన్నటి కిటికీలాంటి కోత ఉంటుంది. ఆవిరి పోయే గొట్టం మూసుకుపోయి ఒత్తిడి మితిమీరితే గ్యాస్కెట్ ఆ కోతలోంచి బయటికి ఉబికి ఆవిరిని పక్కనుంచి వదిలేస్తుంది. పొయ్యి మీద పెట్టేటప్పుడు ఆ కోత మనిషి నిలబడే వైపు కాకుండా గోడ వైపు ఉండేలా చూసుకోండి.

ఇక గ్యాస్కెట్ సంగతి. మన వాళ్లు రబ్బరు అనో వాషర్ అనో అంటారు. కొత్త కుక్కర్‌తో వచ్చింది బాగానే ఉంటుంది, తిప్పలన్నీ అది మార్చేటప్పుడే. అంగడిలో, బండి మీద గుత్తులుగా వేలాడదీసి "అన్ని కుక్కర్లకూ పడుతుంది" అని అమ్మే రబ్బర్ల జోలికి పోవద్దు. అన్నిటికీ పట్టేది అంటే దేనికీ సరిగ్గా పట్టనిదే. మందం కొంచెం ఎక్కువైతే మూత బలవంతంగా తిప్పాల్సొస్తుంది, పైగా అవసరమైనప్పుడు ఆ కోతలోంచి బయటికి రాదు. అంటే ఒక రక్షణ పోయినట్టే. పలచనైతే పక్కల నుంచి ఆవిరి పోతుంది, సీటీ రాదు, సీటీ కోసం ఎదురుచూస్తుంటే లోపల నీళ్లు ఇగిరిపోతాయి. కుక్కర్ గ్యాస్కెట్లకు విడిగా IS 7466 అనే ప్రమాణం ఉంది. అదే కంపెనీ గ్యాస్కెట్ తీసుకోండి, ప్యాకెట్ మీద మీ కుక్కర్ రకం, లీటర్లు రాసి ఉన్నాయేమో చూడండి. ఒకే కంపెనీలో కూడా 3 లీటర్లది 5 లీటర్లదానికి పట్టకపోవచ్చు, అల్యూమినియం మోడల్‌ది స్టీలు మోడల్‌కు పట్టకపోవచ్చు. పాత రబ్బరు వెంట తీసుకెళ్లి కొలత పెట్టి చూడటం ఒక్కటే సరిపోదు, పాతది వాడి వాడి సాగి ఉంటుంది.

గ్యాస్కెట్ నైట్రైల్ రబ్బరుతోనో, సిలికాన్‌తోనో చేస్తారు. సిలికాన్ వేడికి ఎక్కువ ఓర్చుకుంటుంది, మసాలా వాసన మాత్రం పట్టి ఉంచుకుంటుంది. రంగు చూసి ఏది ఏదో చెప్పలేం కాబట్టి తెల్లదా నల్లదా అన్న చర్చ అనవసరం. మీ కుక్కర్‌కు కంపెనీ ఏది ఇచ్చిందో అదే మళ్లీ వేయండి. మామూలు వాడకానికి ఏడాదికోసారి మారిస్తే చాలు. అంతకుముందే పాడైతే అది చెప్తుంది: రెండు వేళ్లతో వంచితే సన్నటి పగుళ్లు కనబడతాయి, ప్లాస్టిక్‌లా బిరుసెక్కుతుంది, లేదంటే పిడి దగ్గర నీటి చుక్కలు కారుతుంటాయి. కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే సీటీ వస్తుందని చాలా ఇళ్లలో చేస్తారు. చల్లదనానికి రబ్బరు కొంచెం బిగుసుకుని ఆ పూటకు పని నడుస్తుంది, నిజమే. ఆ అవసరం వచ్చిందంటేనే దాన్ని మార్చే రోజు వచ్చిందని అర్థం.

మూత మీదే ఉండే సేఫ్టీ వాల్వ్‌కూ ఇదే మాట వర్తిస్తుంది. చాలా కుక్కర్లలో అది తక్కువ వేడికే కరిగే లోహం నింపిన చిన్న బిళ్ల. నీళ్లు ఇగిరిపోయి వేడి పెరిగితే ఆ లోహం కరిగి రంధ్రం తెరుచుకుంటుంది. "ఊరికే పోతోంది" అని దాని స్థానంలో బోల్టు బిగించేవాళ్లు, ఎం-సీల్ పెట్టేవాళ్లు ఉన్నారు. వాల్వ్ పోయిందంటే దాని పని అది చేసింది. గ్యాస్కెట్ లీకవుతోందా, గొట్టంలో పప్పు తొక్క ఇరుక్కుందా అన్నది వెతకాలి, ఆ తర్వాత కంపెనీ వాల్వే వేయాలి. మూత పెట్టేముందు సీటీ బరువు తీసి, ఆ గొట్టంలోంచి వెలుతురు కనబడుతోందా అని చూడటానికి అర నిమిషం కూడా పట్టదు.

కాబట్టి కొనేముందు దుకాణదారును అడగాల్సింది ఒకటే: దీని గ్యాస్కెట్, వాల్వ్ మీ దగ్గర ఇప్పుడున్నాయా? ఉంటే ఒక గ్యాస్కెట్ అప్పుడే కొనేయండి. పరకాలలోనో నర్సంపేటలోనో ఉండేవాళ్లు దీని కోసం మళ్లీ వరంగల్ దాకా రావాల్సిన కుక్కర్ అయితే, అది ఎంత గొప్పదైనా ఆలోచించాలి. విడిభాగం దొరకనప్పుడే మనుషులు బండి మీది రబ్బరు కొంటారు.

ఇప్పుడు లోహం

మామూలు అల్యూమినియం వేడిని చాలా బాగా అందుకుంటుంది, స్టీలుకంటే పది రెట్లకు పైగా. అందుకే పప్పు అడుగంటదు, గ్యాస్ కలిసొస్తుంది, ధరా తక్కువ, బరువూ తక్కువ. పులుపు మాత్రం దానికి పడదు. చింతపండు పులుసు, టమాట, పుంటికూర అందులో ఉడికిస్తే, ముఖ్యంగా వండింది అందులోనే వదిలేస్తే, లోహం కొద్దికొద్దిగా కరుగుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ లోపల సన్నటి గుంటలు పడతాయి. బోరు నీళ్లు మరిగితే లోపల నల్లబడుతుంది. అది ఖనిజాల వల్ల వచ్చే మరక, నిమ్మ చెక్క వేసి మరిగిస్తే పోతుంది, కుక్కర్ నకిలీదని కాదు.

పులుపు వల్ల అల్యూమినియం వదిలేయాలా అంటే, పప్పుచారు చేసే ఇంటికి అక్కర్లేదు. కందిపప్పును ఉత్తగా ఉడికించి, చింతపండు రసం తర్వాత వేరే గిన్నెలో పోస్తే సరి. పులుపు ముందే పడితే పప్పు మెత్తబడటం ఆలస్యమవుతుంది కూడా. పుంటికూర పప్పు, టమాట పప్పు అన్నీ కలిపి ఒకేసారి కుక్కర్‌లో పెట్టేవాళ్లకు మాత్రం హార్డ్ ఆనోడైజ్డ్ గానీ స్టీలు గానీ మేలు.

హార్డ్ ఆనోడైజ్డ్ కూడా అల్యూమినియమే. కరెంటు సాయంతో దాని పై పొరను గట్టి ఆక్సైడ్‌గా మారుస్తారు. ఆ పొర రంగులా పైన పూసింది కాదు, లోహంలోంచే పుట్టింది. పులుపును తట్టుకుంటుంది, వేడి అందుకోవడంలో అల్యూమినియం గుణం పోదు. నల్లటి పెయింటు కొట్టి అదే పేరుతో అమ్మేవీ ఉంటాయి. పిడి స్క్రూల చుట్టూ, అంచు మీద గోరుతో గీకి చూడండి. పెయింటైతే అక్కడ పెచ్చులు లేచి తెల్లటి లోహం కనబడుతుంది. అసలుదాన్ని కూడా ఇనుప పీచుతో రుద్దకూడదు.

స్టీలు కుక్కర్‌లో చూడాల్సింది అడుగు. స్టీలుకు వేడి పంచడం రాదు కాబట్టి అడుగున అల్యూమినియం పళ్లెం ఇరికిస్తారు, సాండ్‌విచ్ బాటమ్ అంటారు. అడుగునే కాక గోడల దాకా మూడు పొరలుంటే అది ట్రైప్లై, ధర ఎక్కువ. సాండ్‌విచ్ అడుగైతే మంట అడుగు దాటి పక్కలకు పోకూడదు. పోతే గోడలు పసుపు, నీలం రంగుకు మారతాయి, అడుగు అంచు చుట్టూ పప్పు అంటుకుంటుంది. అయస్కాంతం పెట్టి చూడటం మంచిదే, కానీ దాంతో తెలిసేది ఇండక్షన్ పొయ్యి మీద పనిచేస్తుందా లేదా అన్నదే. అడుగుకు గట్టిగా అంటుకుంటే పనిచేస్తుంది. గోడలకు అంటుకోలేదు కాబట్టి నిక్కమైన 304 స్టీలే అనుకోవడం పొరపాటు. నికెల్ తగ్గించి మాంగనీసు పెంచిన చవక రకం స్టీలుకు కూడా అయస్కాంతం అంటదు. అది దుకాణంలో తేల్చుకోలేం, అందుకే మళ్లీ ముద్ర మీదే ఆధారపడాల్సి వస్తుంది.

మా చెల్లెలి విషయంలో చివరకు మూడోదే తీసుకున్నాం, మందపాటి అడుగున్న స్టీలుది. కొత్త కాపురం హనుమకొండలో అద్దె ఇంట్లో, గ్యాస్ కనెక్షన్ వచ్చేదాకా ఇండక్షన్ పొయ్యే. దుకాణంలో ఉన్న ఆ హార్డ్ ఆనోడైజ్డ్ మోడల్ అడుగుకు అయస్కాంతం అంటలేదు. పొద్దున డ్యూటీకి పోయేముందు అన్నం, పప్పు గిన్నెల్లో పెట్టి ఒకేసారి దించాలని ఆమె ముందే అనుకుంది, దానికి వెడల్పాటి నోరు కావాలి. ఇదే చిన్నమ్మ ఇంటికైతే లోపలి మూత నల్లదే చెప్పేదాన్ని. అక్కడ గ్యాసే, ఆదివారం మటన్, రోజూ ఏదో ఒక పులుపు పప్పు, వంటింట్లో పిల్లలు తిరుగుతుంటారు, తొందరపడి మూత లాగినా రాకపోవడమే వాళ్లకు కావాలి. గ్యాస్ మాత్రమే ఉండి, డబ్బు చూసుకుని కొనేవాళ్లకు ముద్ర సరిగ్గా ఉన్న మామూలు అల్యూమినియం 5 లీటర్లది ఏ లోటూ చేయదు. ముద్ర తేలని స్టీలుకంటే అది ఎన్నో రెట్లు నయం.

లీటర్ల విషయంలో ఒక్క మాట. 5 లీటర్ల కుక్కర్ అంటే 5 లీటర్లూ వండుకోవచ్చని కాదు. కూర, మటన్ అయితే మూడింట రెండు వంతులు, పప్పు, బియ్యం, శనగ గుడాలు లాంటి ఉబ్బేవైతే సగం వరకే. దాటితే నురుగు పొంగి గొట్టంలోకి ఎక్కుతుంది. నలుగురున్న ఇంటికి 5 లీటర్లు చెప్పేది అందుకే.

బిల్లు తప్పకుండా తీసుకోండి, దాని మీద బ్రాండ్, మోడల్, లీటర్లు రాయించుకోండి. ఇంటికొచ్చాక ముద్ర తేడా అని తెలిస్తే BIS Care యాప్‌లోనే Complaints అన్నచోట ఫిర్యాదు పెట్టొచ్చు, కుక్కర్ అడుగు ఫోటో, బిల్లు ఫోటో జతచేయాలి. డబ్బు వాపసు గొడవైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అది తేలేదాకా ఆ కుక్కర్‌ను పొయ్యి మీద పెట్టకండి.